పలాస జీడి యంత్రం ఖాతా సరిచేసిన విధం

పలాసలో ఒక జీడిపప్పు పరిశ్రమ లెక్కలు ఏడాది చివర నా దగ్గరకు వచ్చాయి. ఏప్రిల్ 1న హైర్ పర్చేజ్‌లో యంత్రం కొన్నారు. నగదు ధర 4,00,000 రూపాయలు. మొదట 1,00,000 కట్టారు, తర్వాత ఏటా మార్చి 31న 1,20,000 చొప్పున మూడు వాయిదాలు.

ఇంకా రెండు వాయిదాలు ఉండగా అమ్మినవారి ఖాతాలో బాకీ సున్నా! కట్టిన సొమ్మంతా యంత్రం ఖాతాలో వేసి, విలువ 2,20,000 అని చూపారు.

"ఆఖరి వాయిదా దాకా యంత్రం మనది కాదు కదా బాబూ" అన్నారు యజమాని. చట్టం ప్రకారం నిజమే. కానీ యంత్రాన్ని వాడుకునేది, అరుగుదల భరించేది ఆయనే కనుక మొదటి రోజే పూర్తి నగదు ధరకు రాయాలి.

మొత్తం చెల్లింపు 4,60,000, అంటే వడ్డీ 60,000. ఒప్పందంలో వడ్డీ రేటు లేదు. అందుకే ఏటా ఆరంభంలో ఉండే వాయిదాల బాకీ 3,60,000, 2,40,000, 1,20,000 నిష్పత్తిలో, అంటే 3:2:1గా పంచాను. తొలి ఏడు వడ్డీ 30,000. రేటు తెలిస్తే మాత్రం మిగిలిన నగదు ధర బాకీపైనే వడ్డీ లెక్కకట్టాలి.

కొనుగోలుకు, వడ్డీకి కలిపి సవరణ పద్దు ఒక్కటే: యంత్రం 1,80,000, వడ్డీ 30,000 డెబిట్, అమ్మినవారికి 2,10,000 క్రెడిట్.

15 శాతం తరుగుదల 33,000 నుంచి 60,000 అయింది. లాభం 57,000 తగ్గడం యజమానికి రుచించలేదు. వచ్చే మార్చిలో 20,000 వడ్డీ కలిపి వాయిదా తీసేస్తే బాకీ 1,10,000 నిలవాలి. ఆపై 10,000 కలిపి ఆఖరిది కడితే సున్నా.