సర్టిఫికెట్ చూశాక ఇంకా ఏమి చూడాలి? పిల్లల సినిమాలు, గేములు ఎంచుకునే పద్ధతి

గత వేసవిలో అనంతపురంలో మా తమ్ముడు ఇద్దరు పిల్లలను తీసుకుని సినిమాకు వెళ్లాడు. బాబుకు పదకొండేళ్లు, పాపకు ఆరున్నర. సినిమాకు యూఏ 7+ సర్టిఫికెట్ ఉంది. పాపకు ఏడు నిండడానికి ఆరు నెలలే కదా, పక్కన నేనున్నాను కదా అనుకున్నాడు. సినిమాలో ఒకచోట ఒక తల్లి ముఖం చూస్తుండగానే దయ్యం ముఖంగా మారుతుంది. ఆ రాత్రి మా మరదలు దీపం ఆర్పగానే పాప చెయ్యి చాచి అమ్మ ముక్కు, బుగ్గలు, నుదురు తడిమి చూసింది. కాసేపటికి మళ్లీ తడిమింది. అలా వారం రోజులు సాగింది.

బాబు ఆ దయ్యాన్ని చూసి నవ్వాడట. కానీ అదే సినిమాలో బస్టాండు దగ్గర ఒక పిల్లవాడిని ఆటోలోకి లాక్కుని వెళ్లే సన్నివేశం ఉంది. బాబు మూడు రోజులపాటు పడుకునే ముందు లేచి వెళ్లి తలుపు గడియ చూసి వచ్చాడు.

సినిమా ఒకటే, సర్టిఫికెట్ ఒకటే. భయాలు మాత్రం రెండు. సర్టిఫికెట్ చెప్పని సంగతి ఇదే.

ముందుగా, ఆ గుర్తుకు అర్థం తెలుసుకోండి

మన సెన్సార్ బోర్డు ఇచ్చే యూ అంటే అందరూ చూడవచ్చు. ఏ అంటే పద్దెనిమిదేళ్లు నిండినవారికే. వీటి మధ్య ఉన్న యూఏకు చాలాకాలం ఒకటే అర్థం ఉండేది: పన్నెండేళ్ల లోపు పిల్లలకు పెద్దల మార్గదర్శనం అవసరం. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి దీన్ని 7+, 13+, 16+ అని మూడుగా విడదీశారు. అందుకే పాత సినిమాలకు అంకె లేని యూఏ కనిపిస్తుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. థియేటరు వాళ్లు పిల్లలను గుమ్మం దగ్గర ఆపవలసింది ‘ఏ’ సర్టిఫికెట్ ఉన్న సినిమాకే. యూఏ పక్కనున్న అంకె తల్లిదండ్రులకు ఇచ్చే సలహా మాత్రమే. యూఏ 16+ సినిమాకు మీరు ఆరేళ్ల పాపను తీసుకువెళ్లినా లోపలికి పంపిస్తారు. పంపించారు కాబట్టి ఫరవాలేదని అనుకోకండి.

రెండోది, మీ పిల్లల వయసుకు ఏది భయమో ఆలోచించండి

సెన్సార్ సభ్యులు సినిమాలో హింస ఎంత, మాటలు ఎలా ఉన్నాయి, మత్తు పదార్థాలు ఉన్నాయా అని చూస్తారు. పిల్లల భయం ఆ లెక్క ప్రకారం నడవదు. ఈ విషయాన్ని ఎక్కువ కాలం పరిశీలించిన వారిలో అమెరికా పరిశోధకురాలు జోఆన్ కాంటర్ ఒకరు. ఆమె పరిశోధనల్లో తేలింది స్థూలంగా ఇది. ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలను రూపం భయపెడుతుంది. వికారమైన ముఖం, వింత శబ్దం, మనిషి మరొకటిగా మారిపోవడం వాళ్లను వణికిస్తాయి. ఆ పాత్ర మంచిదని కథలో చెప్పినా వాళ్లకు ఊరట దొరకదు. ఎనిమిది దాటాక రూపం పట్టు సడలుతుంది. అప్పటినుంచి నిజంగా జరగగలిగినవి భయపెడతాయి: దొంగలు, ప్రమాదాలు, అమ్మానాన్నలకు ఏదైనా అవడం.

కాబట్టి చిన్నపిల్లలున్నవారు ‘ఫైట్లు ఎన్ని’ అని కాకుండా ‘రూపాలు మారే సన్నివేశం ఉందా’ అని అడగాలి. పెద్దపిల్లలున్నవారు ‘మన ఊళ్లో జరిగేలాంటి ఘోరం ఏదైనా చూపించారా’ అని అడగాలి. సినిమా చూసి వచ్చిన బంధువునో, పక్కింటివారినో అడిగితే చాలు. అయితే ‘పిల్లలు చూడవచ్చా’ అని మాత్రం అడగకండి. ‘ఆ, చూడవచ్చు’ అని చెప్పేస్తారు. పైన చెప్పిన ప్రశ్నను ఉన్నదున్నట్టు అడగండి.

దీనికి మీ ఇంటి సంగతి కూడా కలపాలి. ఈమధ్యే తాతయ్యను పోగొట్టుకున్న పిల్లకు ఆసుపత్రి మంచం కనిపించే యూ సినిమా కూడా బరువే.

థియేటరులో

చిన్నపిల్లలతో వెళ్తే వరుస చివరి సీట్లు తీసుకోండి. పాప కళ్లు మూసుకుంటే సరిపోతుందనుకోకండి, భయంలో సగం శబ్దానిదే. చెవులు మూసుకున్నా, ఒళ్లోకి జరిగినా, ‘ఇంటికి పోదాం’ అన్నా లేచి బయటికి రండి. టికెట్ డబ్బులు చూసుకుని కూర్చోబెట్టడం నాకు అస్సలు నచ్చని పని.

భయపడ్డాక ఊరడించే పద్ధతి కూడా వయసును బట్టి మారుతుంది. ‘అదంతా మేకప్పు, నిజం కాదు’ అనే మాట ఆరేళ్ల పిల్లకు పెద్దగా పనిచేయదు. ఒళ్లో కూర్చోబెట్టుకోవడం, తాగడానికి ఏదైనా ఇవ్వడం, పక్కన పడుకోవడం పనిచేస్తాయి. మా మరదలు పాప చేతిని తన ముఖం మీద ఉంచుకుని నిద్రపుచ్చింది. పదకొండేళ్ల వాడికి మాటలు పనికివస్తాయి. మా తమ్ముడు వాడితో కూర్చుని, ఎవరైనా చెయ్యి పట్టుకుంటే ఎలా అరవాలి, ఏ దుకాణంలోకి పరుగెత్తాలి అని బడి దారి పొడవునా చెప్పాడు. ‘అలా ఏమీ జరగదులే’ అని కొట్టిపారేసి ఉంటే వాడు ఇంకా గడియ చూసుకుంటూనే ఉండేవాడు. నిద్ర చెడడం, బడికి వెళ్లనని మొండికేయడం వారాల తరబడి సాగితే పిల్లల డాక్టరుకు చెప్పండి.

ఫోనులో గేము అయితే

ఇక్కడ అంకె పుట్టుక వేరు. సినిమాను సెన్సార్ సభ్యులు కూర్చుని చూస్తారు. ప్లే స్టోర్‌లో కనిపించే 3+, 7+, 12+ అంకెలు మాత్రం గేము తయారుచేసినవారు ఒక ప్రశ్నపత్రానికి ఇచ్చిన జవాబుల నుంచి వస్తాయి. 2015 నుంచి ఇదే పద్ధతి. ఆ అంకె గేములోని బొమ్మలు, హింస గురించి చెబుతుంది. అవతల ఆడుతున్న మనిషి ఏమి మాట్లాడతాడో చెప్పదు, చెప్పలేదు.

మా మేనల్లుడు ఆడే క్రికెట్ గేముకు తక్కువ వయసు గుర్తే ఉంది. ఒకరోజు నేను పక్కన కూర్చుని చూస్తుంటే మూలన చిన్న పెట్టెలో ఒక సందేశం మెరిసింది: ఏ స్కూలు నువ్వు? వాడు జవాబు టైపు చేయబోయాడు. అడిగినవారెవరో వాడికి తెలియదు.

కాబట్టి గేము దించుకునే ముందు ప్లే స్టోర్‌లో దాని పేరు కింద `In-app purchases` అని ఉందా చూడండి. తర్వాత `About this app` తెరిచి కిందివరకు వెళ్లండి. వయసు గుర్తు దగ్గర `Users Interact` అని ఉంటే ఆ గేములో అపరిచితులతో మాటలు కలిసే వీలుందని అర్థం. అలాంటి గేము ఇవ్వాలనుకుంటే ముందు మీరే పావుగంట ఆడండి. చాట్ ఎక్కడుంది, దాన్ని ఆపే వీలు సెట్టింగుల్లో ఉందా, ఆట ఓడిపోగానే ఏమి కొనమంటోంది అనే మూడు సంగతులు ఆ పావుగంటలో తేలిపోతాయి. చాట్ ఆపే వీలు లేకపోతే పదేళ్ల లోపు పిల్లలకు నేనైతే ఆ గేము ఇవ్వను.

డబ్బు సంగతికి మరో జాగ్రత్త ఉంది. ప్లే స్టోర్ సెట్టింగుల్లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. అదే సెట్టింగుల్లో `Family` కింద ఉన్న `Parental controls` తెరిచి వయసు పరిమితి పెట్టవచ్చు. అయితే అది కొత్తగా దించుకునేవాటినే అడ్డుకుంటుంది. ఫోనులో ముందే ఉన్న గేములను ఒక్కొక్కటిగా మీరే తెరిచి చూడాలి. మా తమ్ముడి ఫోనులో అలాంటివి తొమ్మిది తేలాయి, వాటిలో నాలుగింటిలో చాట్ ఉంది.