గ్రూపులో అడిగిన ప్రయాణానికి అనుమతి దరఖాస్తు: ఒంగోలు ఆఫీసు సిబ్బందికి

వాట్సాప్ గ్రూపులో సాధారణంగా వచ్చే మెసేజ్ ఇలా ఉంటుంది: "సార్, బుధవారం చెన్నై పోవాల. నేను, సూపర్‌వైజరు. బండి పెట్టించండి." కింద మేనేజర్ బొటనవేలు గుర్తు. దాన్ని అనుమతిగా లెక్కలోకి తీసుకోము. ఆ గుర్తు ప్రయాణానికా, బండికా, రెండు రోజులకా, ఎంత డబ్బుకి అన్నది అందులో ఉండదు. బిల్లు వచ్చాక ఆ నాలుగింటి మీదే పేచీ వస్తుంది.

మెసేజ్ పెట్టినవారే ప్రయాణ అనుమతి ఫారం రాయాలి. ఇంకొకరు రాసిపెడితే పని వివరం తప్పుతుంది. గ్రూపు మెసేజ్ తేదీ, సమయం ఫారం పైన వేయండి. పైన చెప్పిన మెసేజ్‌నే ఫారంగా మార్చి చూద్దాం.

పని. "చెన్నై పోర్టు పని" అని రాస్తే ఫారం వెనక్కి వస్తుంది. ఏ సరుకు, ఎవరితో, ఏం తేలితే పని అయినట్టు అన్నవి కనపడాలి: "చెన్నై పోర్టు యార్డులో ఉన్న 22 చీమకుర్తి గెలాక్సీ బ్లాకులకు బయ్యర్ ప్రతినిధి సమక్షంలో కొలతలు తీసి, మార్కింగ్ వేయించి, సంతకం చేసిన కొలతల పట్టీ తేవడం." ఇలా రాస్తే తిరిగొచ్చాక అడగాల్సిన కాగితం ఏదో ముందే తెలుస్తుంది. ఇద్దరెందుకో కూడా ఒక ముక్క చాలు: ఒకరు టేపు పడితే ఒకరు పట్టీ రాస్తారు.

ప్రయాణ క్రమం. బుధవారం ఉదయం 5 గంటలకు ఒంగోలులో బయలుదేరడం, మధ్యాహ్నం యార్డు, రాత్రి చెన్నైలో బస, గురువారం మిగిలిన బ్లాకులు, సాయంత్రం తిరుగుప్రయాణం. రైలు ఉండగా కారెందుకని ఆమోదించేవారు తప్పకుండా అడుగుతారు కాబట్టి జవాబు ముందే రాయండి. ఇక్కడ కారణం, యార్డులో పని ఎన్నింటికి ముగుస్తుందో చెప్పలేకపోవడం. రైలైతే మాత్రం ఆలస్యం చేయకండి. తత్కాల్ బుకింగ్ ప్రయాణానికి ముందురోజు ఉదయం ఏసీకి 10కి, మిగతా తరగతులకు 11కి తెరుస్తారు. కన్ఫర్మ్ అయిన తత్కాల్ టికెట్ మానుకుంటే డబ్బు తిరిగి రాదు. అందుకే అనుమతి రాకముందు తత్కాల్ తీయొద్దు.

అంచనా ఖర్చు. తప్పులు ఎక్కువగా ఇక్కడే. కారు రానుపోను 600 కి.మీ., చెన్నైలో తిరగడానికి 60. కారు యజమాని చెప్పిన రేటు కి.మీ.కి రూ. 14 అయితే 660 కి.మీ.కి రూ. 9,240. టోల్‌కు కిందటి ట్రిప్ ఫాస్టాగ్ చూసి రూ. 1,400, డ్రైవర్ బత్తా రెండు రోజులకు రూ. 1,000. రూము పన్నుతో కలిపి రూ. 2,800, ఇద్దరికి రెండు రోజుల భోజనం రూ. 2,400, పార్కింగ్, వెయిటింగ్‌కు రూ. 1,000. మొత్తం రూ. 17,840. ఇరవై వేలని గుండుగుత్తగా రాస్తే ఏది ఎందుకో అడగాల్సి వస్తుంది, అక్కడే ఒక రోజు పోతుంది.

కారు విషయంలో చాలామంది మరిచేది కనీస కిలోమీటర్లు. రోజుకు 300 కనీసం అని మాట్లాడుకుంటే, విజయవాడకు పోయి రెండు రోజుల్లో 330 తిరిగినా బిల్లు 600కి పడుతుంది. కనీసం ఎంతో ముందే అడిగి ఫారంలో వేయండి.

చెన్నై హోటల్ వేసే జీఎస్టీ తమిళనాడుది. మన రిజిస్ట్రేషన్ ఆంధ్రప్రదేశ్‌లో ఉంది కాబట్టి ఆ పన్ను మనకు క్రెడిట్‌గా తిరిగి రాదు. రూము అసలు అద్దె మాత్రమే వేసి, పన్ను తర్వాత సర్దుకుంటుందిలే అనుకోవద్దు.

చెల్లింపు ఎలాగన్నదీ ఇక్కడే రాయాలి. కారు యజమానికి అద్దె, టోల్, బత్తా కలిపి రూ. 11,640 అవుతుంది. ఒకే మనిషికి ఒకే రోజు పదివేలకు మించి నగదు ఇస్తే ఆదాయపు పన్ను లెక్కలో అది ఖర్చుగా చెల్లదు. అదే రోజు రెండు వోచర్లుగా చీల్చినా కలిపే చూస్తారు. బ్యాంకు ద్వారానే పంపండి.

ఫారం ముందు మీ సెక్షన్ ఇన్‌చార్జికి, తర్వాత అకౌంట్స్‌కు, చివరికి మేనేజర్‌కు పోతుంది. అనుమతి నంబరు వచ్చాక దాన్ని గ్రూపులో పాత మెసేజ్‌కే రిప్లైగా పెట్టండి. బండి పురమాయించేవారు ఆ నంబరు చూశాకే ఫోను చేస్తారు.

బయ్యర్ రాత్రి ఫోను చేసి తెల్లారే రమ్మంటే ఫారం కోసం ఆగక్కర్లేదు. అయితే మేనేజర్ గ్రూపులో "ఇద్దరు, కారు, 18 వేల లోపు" అని అక్షరాల్లో రాయాలి, ఫారం మర్నాడు మధ్యాహ్నంలోగా అందాలి. దారిలో ఇంకో రోజు పెరిగితే కొత్త ఫారం వద్దు, పాత నంబరు మీదే పెరిగిన ఖర్చు, కారణం రాసి రెండో రోజు రూము తీసుకోకముందే పంపండి. తిరిగొచ్చాక పంపితే దాన్ని అనుమతిగా కాదు, మినహాయింపు అభ్యర్థనగా చూస్తారు.