బ్రౌజర్ నుంచే ల్యాబ్ కంప్యూటర్‌లోకి: గేట్‌వే అనుమతికి దరఖాస్తు విధానం

ల్యాబ్‌లో ఉన్న కంప్యూటర్‌ను బయట నుంచి వాడుకోవాలి. చేతిలో ఉన్నదేమో లైబ్రరీ కంప్యూటరో, ఇంకొకరి ల్యాప్‌టాపో. అందులో ఏమీ ఇన్‌స్టాల్ చేయడానికి వీల్లేదు. బ్రౌజర్ గేట్‌వే ఉన్నది ఇలాంటివాళ్ల కోసమే. చాలా సంస్థలు ఇందుకు అపాచీ గ్వాకమోలీ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వాడతాయి. కింది వివరాలన్నీ దాని ప్రకారమే రాశాను. ఫారం ఒక్కో చోట ఒక్కోలా ఉన్నా, అడిగే విషయాలు దాదాపు ఇవే.

ముందు ఈ దారి అర్థం కావాలి

మీ బ్రౌజర్ గేట్‌వేతో మామూలు వెబ్‌సైట్‌తో మాట్లాడినట్టే హెచ్‌టీటీపీఎస్‌లో మాట్లాడుతుంది. గేట్‌వే దగ్గర `guacd` అనే ప్రోగ్రాం మీ తరఫున ల్యాబ్ కంప్యూటర్‌కు, డెస్క్‌టాప్ చూపించే ఆర్‌డీపీ, వీఎన్‌సీ, కమాండ్లకు మాత్రమే పనికొచ్చే ఎస్‌ఎస్‌హెచ్‌లలో ఏదో ఒక పద్ధతిలో కనెక్ట్ అవుతుంది. అక్కడి తెరను మీ బ్రౌజర్‌లో గీసి చూపిస్తుంది. అంటే ల్యాబ్ కంప్యూటర్ తలుపు తట్టేది గేట్‌వేనే, మీ ల్యాప్‌టాప్ ఎవరిదో దానికి తెలియదు. అందుకే ఫారంలో అడిగేదంతా అవతలి కంప్యూటర్ గురించే ఉంటుంది. ఇది తెలియక చాలామంది తమ ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్ రాసి పంపుతారు, ఆ దరఖాస్తు తిరిగొస్తుంది.

ఫారం నింపడం: ఒక ఉదాహరణ

ఒక పరిశోధక విద్యార్థిని తీసుకుందాం. ఆమె ల్యాబ్‌లో ఉబుంటు వర్క్‌స్టేషన్ ఉంది. రాత్రంతా నడిచే సిమ్యులేషన్లను, వాటి గ్రాఫులను బయట నుంచి చూసుకోవాలి.

మొదటి ప్రశ్న, ఏ పద్ధతి కావాలని. గ్రాఫులు కిటికీల్లో తెరిచి చూడాలంటే డెస్క్‌టాప్ కావాలి, కాబట్టి ఆమె ఉబుంటులో ఆర్‌డీపీకి జవాబిచ్చే `xrdp` వేయించుకుని ఆర్‌డీపీ అని రాసింది. కమాండ్లతోనే పని అయిపోతుందంటే ఎస్‌ఎస్‌హెచ్ అడగడమే మంచిది. నెట్ నెమ్మదిగా ఉన్నా అది బాగా నడుస్తుంది, అనుమతి ఇచ్చేవాళ్లకూ అభ్యంతరాలు తక్కువ. విండోస్ అయితే ఒక మెలిక ఉంది: హోమ్ ఎడిషన్ బయటి నుంచి వచ్చే ఆర్‌డీపీని తీసుకోదు, ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ లాంటి ఎడిషన్ ఉండాలి. దరఖాస్తుకు ముందే ఇది చూసుకోండి.

రెండోది అడ్రస్, పోర్టు. ల్యాబ్ కంప్యూటర్ ముందు కూర్చుని ఈ రెండు కమాండ్లు ఇవ్వాలి:

```
hostname -I
ss -tln | grep 3389
```

మొదటిది అడ్రస్ చూపిస్తుంది. మన ఉదాహరణలో 192.0.2.40 అనుకుందాం. రెండోదానికి `LISTEN` అన్న వరుస కనిపిస్తే ఆర్‌డీపీ సిద్ధంగా ఉన్నట్టు. ఆ వరుసలో పోర్టు ముందు `127.0.0.1` ఉంటే మాత్రం అది ఆ కంప్యూటర్ లోపలి వాటికే జవాబిస్తుంది, గేట్‌వేకు కాదు. ఏమీ రాకపోతే సర్వీసే నడవడం లేదు. ఎస్‌ఎస్‌హెచ్‌కైతే 3389 బదులు 22 చూడాలి.

ఈ అడ్రస్ మారకుండా ఉండేలా చూడమని అదే దరఖాస్తులో అడగండి. మామూలుగా నెట్‌వర్క్ అడ్రస్‌లను తాత్కాలికంగా ఇస్తుంది. కొన్నాళ్లు బాగా పనిచేసిన కనెక్షన్, కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యాక ఉన్నట్టుండి ఆగిపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే.

మూడోది ఫైర్‌వాల్. గేట్‌వే అడ్రస్ ఏమిటో ఐటీ విభాగం చెబుతుంది. 192.0.2.10 అనుకుంటే, ల్యాబ్ కంప్యూటర్‌లో `ufw` ఫైర్‌వాల్‌ను ఆన్‌లో ఉంచి, ఆ ఒక్క అడ్రస్‌కే దారి ఇవ్వాలి:

```
sudo ufw allow from 192.0.2.10 to any port 3389 proto tcp
```

అందరికీ తెరిచేస్తే పని తొందరగా అవుతుంది కానీ, గేట్‌వే పెట్టిన ప్రయోజనమే పోతుంది. ఈ నియమం పెట్టానని ఫారంలో ఒక వాక్యం రాస్తే, పరిశీలించేవాళ్లు ఫోన్ చేసి అడగాల్సిన పని ఉండదు.

ల్యాబ్ కంప్యూటర్ పాస్‌వర్డ్‌ను మాత్రం ఫారంలో రాయకండి. కనెక్షన్‌లో పాస్‌వర్డ్ ఖాళీగా ఉంచితే, తెరిచిన ప్రతిసారీ గేట్‌వే మిమ్మల్నే అడిగేలా పెట్టవచ్చు. ఫైళ్లు పంపుకునే అనుమతి కూడా విడిగా ఉంటుంది. అవసరమైతేనే, ఎందుకో రాసి అడగండి.

అనుమతి వచ్చాక

మొదటిసారి లాగిన్ అయినప్పుడు క్యూఆర్ కోడ్ కనిపిస్తే దాన్ని ఫోన్‌లోని అథెంటికేటర్ యాప్‌తో స్కాన్ చేయాలి. ఆ తర్వాత ప్రతిసారీ యాప్ చూపించే కోడ్ కూడా ఇవ్వాలి. కోడ్ సరిగానే కొట్టినా తప్పంటే ఫోన్ గడియారం చూడండి. ఈ కోడ్లు సమయాన్ని బట్టే తయారవుతాయి.

కనెక్షన్‌ను మొదటిసారి ల్యాబ్ భవనంలో ఉండగానే పరీక్షించండి. తేడా వస్తే లేచి వెళ్లి సరిచేసుకోవచ్చు. సర్వర్ అందుబాటులో లేదన్న సందేశం వస్తే మీ పాస్‌వర్డ్ దాకా వ్యవహారం రానేలేదు: కంప్యూటర్ నిద్రలోకి వెళ్లి ఉండాలి, అడ్రస్ మారి ఉండాలి, లేదా ఫైర్‌వాల్ అడ్డుకుని ఉండాలి. లాగిన్ విఫలమైందంటే మాత్రం గేట్‌వే అక్కడిదాకా చేరిందనే అర్థం, అప్పుడు పేరూ పాస్‌వర్డూ చూసుకోవాలి. ఐటీ విభాగానికి రాసేటప్పుడు ఈ రెంటిలో ఏది వచ్చిందో చెబితే సగం పని అయిపోతుంది.

మన విద్యార్థికి మూడో రకం సమస్య వచ్చింది. లాగిన్ అయింది, కానీ తెరంతా నలుపు. ఆమె ల్యాబ్‌లో అదే ఖాతాతో లాగిన్ అయి ఉండి, లాగౌట్ చేయకుండా వచ్చేసింది. ఉబుంటు డెస్క్‌టాప్‌లో ఒకే ఖాతాకు రెండు గ్రాఫికల్ సెషన్లు తరచూ ఇలా దెబ్బలాడుకుంటాయి. ల్యాబ్‌లో ఉన్న స్నేహితురాలు రీస్టార్ట్ చేశాక తెర వచ్చింది, అప్పటికి నడుస్తున్న సిమ్యులేషన్ పోయింది. బయటికి వచ్చేముందు లాగౌట్ చేయడం అలవాటు చేసుకోవాలి.

ట్యాబ్ మూసేస్తే ఏమవుతుందన్నది కూడా ముందే తెలుసుకోవాలి. ఆర్‌డీపీలో మామూలుగా కనెక్షన్ మాత్రమే తెగుతుంది, లోపలి ప్రోగ్రాములు నడుస్తూనే ఉంటాయి. ఎస్‌ఎస్‌హెచ్‌లో అలా కాదు, షెల్‌తో పాటు మీరు మొదలుపెట్టిన పని కూడా ఆగిపోవచ్చు. అందుకని ముందు, కనెక్షన్ తెగినా పనిని నడిపిస్తూ ఉండే `tmux` తెరిచి, పనిని అందులో మొదలుపెట్టండి. కాపీ పేస్ట్ కుదరకపోతే Ctrl+Alt+Shift నొక్కితే పక్క మెనూ వస్తుంది, అందులో క్లిప్‌బోర్డ్ పెట్టె ఉంటుంది. ఇక, Ctrl+W నొక్కితే అవతలి కిటికీ బదులు మీ బ్రౌజర్ ట్యాబే మూసుకుపోతుంది.

ఒక్కటి మాత్రం ఏ దరఖాస్తూ సరిచేయలేదు. పరాయి కంప్యూటర్‌లో మీరు కొట్టే ప్రతి అక్షరాన్నీ పట్టే ప్రోగ్రాం ఉంటే, గేట్‌వే మిమ్మల్ని కాపాడలేదు. అథెంటికేటర్ కోడ్ వల్ల గేట్‌వే ఖాతాకు కొంత రక్షణ ఉంటుంది, ల్యాబ్ పాస్‌వర్డ్ మాత్రం దొరికిపోయినట్టే. నమ్మకం లేని చోట తెరవకండి. గేట్‌వే నడిపేవాళ్లు తలచుకుంటే సెషన్లను రికార్డ్ చేయగలరు కాబట్టి, ఆ నిబంధన ఉందేమో సంతకానికి ముందే చదవండి.

ఇంట్లోని కంప్యూటర్‌కు

ఈ దరఖాస్తు సాధారణంగా దానికి పనికిరాదు. ఇంటి రౌటర్ వెనకున్న కంప్యూటర్‌కు సంస్థ గేట్‌వే నుంచి నేరుగా దారి ఉండదు. దాని కోసమని రౌటర్‌లో 3389 పోర్టును ఇంటర్నెట్‌కు తెరవడం ప్రమాదం. ఇంట్లోనే చిన్న గేట్‌వే పెట్టుకుని, హెచ్‌టీటీపీఎస్‌నూ రెండో అంచె కోడ్‌నూ తప్పనిసరి చేసి, మొదట వచ్చే `guacadmin` ఖాతాను తీసేయడం సరైన దారి.

గడువు ముగిసినప్పుడు

అనుమతి ఎంతకాలానికో ఫారంలో రాసి ఉంటుంది. పొడిగింపు కావాలంటే గడువుకు ముందే అడగాలి. ఇక అవసరం లేదంటే ఐటీ విభాగానికి తెలిపి, ల్యాబ్ కంప్యూటర్‌లో మీరు తెరిచిన దారిని కూడా మూసేయండి:

```
sudo ufw delete allow from 192.0.2.10 to any port 3389 proto tcp
```