రైల్వే పరీక్షలో గుడ్డిగా టిక్ పెట్టే ముందు జాగ్రత్తలు

సిరోంచ నుంచి రైల్వే ఎన్‌టీపీసీకి వెళ్లే మన పిల్లలకు:

☐ నోటిఫికేషన్‌లో కోత ఎంతో ముందే చూసుకోండి. ఎన్‌టీపీసీలో ఒప్పుకు 1 మార్కు, తప్పుకు మూడో వంతు కోత. నాలుగు ఆప్షన్లలో ఏదీ తెలియక పెడితే సగటున నాలుగింటికి ఒకటి తగులుతుంది. ఆ మార్కును మిగతా మూడు తప్పులు తినేస్తాయి. అంటే వచ్చేది సున్నా, అలాంటిది వదిలేయండి.

☐ ఒక్క ఆప్షనైనా ఖాయంగా కొట్టేయగలిగితే మాత్రం పెట్టండి. ఉదాహరణకు, హీరాకుడ్ ఆనకట్ట ఏ నది మీద ఉంది? మహానది, గోదావరి, బ్రాహ్మణి, నర్మద. గోదావరి మన ఊరి పక్కనే పారుతుంది, దాని మీద హీరాకుడ్ లేదని తెలుసు. హీరాకుడ్ ఒడిశాలోదని గుర్తుంటే పడమటికి పోయే నర్మద కూడా పోతుంది. ఇక మిగిలినవి రెండే. ఇలాంటివి ఆరు పెడితే సగటున మూడు ఒప్పు, మూడు తప్పు, చేతికి 2 మార్కులు. (జవాబు మహానది.)

☐ "ఇది కాదేమో" అనిపించడం కొట్టేయడం కాదు. ఎందుకు కాదో ఒక్క ముక్కలో చెప్పగలగాలి. మాక్ టెస్టులో ఊహించి పెట్టినవాటికి చుక్క పెట్టి, తర్వాత లెక్కేయండి. నాలుగో వంతు కూడా ఒప్పు కాకపోతే మీ ఊహ నష్టమే తెస్తోంది.

☐ చివరి రెండు నిమిషాల్లో టెన్షన్‌తో మిగిలినవన్నీ "సి" నొక్కేయకండి.

☐ ఎస్ఎస్‌సీ సీజీఎల్ టైర్-1 వేరు: ఒప్పుకు 2, తప్పుకు అర మార్కే కోత. అక్కడ గుడ్డిగా పెట్టినా కాస్త లాభమే.