పాత మేనేజర్‌ని రిఫరెన్స్ అడిగే మెయిల్

"సార్, మీ పేరు ఇస్తున్నా, కాస్త చూడండి" అని వాట్సాప్‌లో పెడితే ఎవరు ఫోన్ చేస్తారో, ఏమడుగుతారో ఆయనకు తెలీదు. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీలో చేసిన ఒక కెమిస్టుకి దాన్నే ఇలా మార్చాను.

సబ్జెక్టు: రిఫరెన్స్‌కి మీ అనుమతి కోసం – శుక్రవారంలోగా

"నమస్కారం సార్. 2021 నుంచి 2023 దాకా మీ దగ్గర క్యూసీలో హెచ్‌పీఎల్‌సీ చూశాను. విశాఖలో ఒక కంపెనీ హెచ్ఆర్ వాళ్లు వచ్చే వారం ఫోన్ చేసి నా పనితీరు, హాజరు గురించి అడుగుతారు. మీ నంబరు ఇవ్వమంటారా? 'సరే' అని రాస్తే చాలు. వీలు కాకపోయినా ఫర్వాలేదు సార్."

రెజ్యూమే పీడీఎఫ్ జత చేయాలి. ఆ చివరి వాక్యం మాత్రం తీసేయొద్దు. మొహమాటానికి ఒప్పుకున్నవారు ఫోన్‌లో పొడిపొడిగా మాట్లాడితే నష్టం మనకే. కొన్ని కంపెనీలు చేరిన, మానేసిన తేదీలు తప్ప మరేమీ చెప్పనివ్వవు. అలాంటి చోట మేనేజర్‌ని ఇబ్బంది పెట్టకుండా పాత హెచ్ఆర్‌కే రాయడం నయం.