కస్టమర్ మెచ్చుకోలును నమ్మకం కలిగించే పోస్టుగా మలచడం ఎలా?

పర్లాకిమిడిలోనో బరంపురంలోనో బొటిక్ నడిపేవారికి "బ్లౌజు చాలా బాగా కుట్టారు" అనే వాట్సాప్ మెసేజ్‌లు తరచుగా వస్తుంటాయి. వాటిని పూల బొమ్మల మధ్య పెట్టి స్టేటస్‌లో వేస్తే పాత కస్టమర్లు సంతోషిస్తారు గాని, ఖరీదైన పట్టుగుడ్డను కొత్త టైలర్ చేతికి ఇవ్వడానికి వెనకాడే మనిషికి కొత్తగా తెలిసేదేమీ ఉండదు. తప్పుగా కోసిన గుడ్డ తిరిగి రాదన్నది ఆమె భయం. పోస్టు దానికి జవాబు చెప్పాలి.

ముందుగా ఆ కస్టమర్‌ను ఒక్క ప్రశ్న అడగండి: "వేసుకున్నప్పుడు తేడా ఎక్కడ తెలిసిందండీ?" బరంపురం పట్టుచీర బ్లౌజు గురించి ఆమె ఇలా రాశారనుకుందాం: "మేనకోడలి పెళ్లిలో అక్షింతలు వేయడానికి చెయ్యెత్తితే చంక దగ్గర లాగలేదు. ఇదివరకటి బ్లౌజులు పైకి వచ్చేసేవి. ఇవ్వడం మాత్రం రెండు రోజులు ఆలస్యమైంది."

ఈ మాటలను ఉన్నవి ఉన్నట్టే వేయండి. ఆలస్యం గురించిన వాక్యాన్ని తీసేయాలనిపించడం సహజమే, కానీ చదివేవారు మిగతా రెండు వాక్యాలను నమ్మేది దానివల్లనే. దాని కింద మీ మాటగా, ఆ పని ఎలా కుదిరిందో రెండు మూడు వాక్యాల్లో చెప్పండి: "చంక గుంట మరీ కిందికి దిగితే చెయ్యెత్తినప్పుడు బ్లౌజంతా పైకి లాగుతుంది. అందుకే పాత బ్లౌజు కొలతలతో సరిపెట్టకుండా ఒంటి కొలతలు తీసుకుని, ముందు లైనింగు గుడ్డతో ట్రయల్ చూసి, ఆ తర్వాతే పట్టు కోశాం. ట్రయల్ వల్ల రెండు రోజులు ఎక్కువ పట్టింది. ఇకపై ఆ రెండు రోజులు కలుపుకొనే తేదీ చెబుతాం." ఆలస్యానికి అసలు కారణం వేరే అయితే అదే రాయాలి.

ఫోటోకు పెళ్లి ఫోటో కన్నా బ్లౌజును తిరగేసి, చంక దగ్గరి కుట్టు, లోపల వదిలిన గుడ్డ కనిపించేలా పగటి వెలుగులో తీసినది మేలు. తర్వాత వదులు చేయించుకోవడానికి వీలుందా అన్నది కుట్టు తెలిసినవారు అక్కడే చూస్తారు. మెసేజ్ స్క్రీన్‌షాట్ వేస్తే ఫోన్ నంబరు, ప్రొఫైల్ ఫోటో, పేరు కనబడకుండా కత్తిరించండి.

వేసేముందు పూర్తి పోస్టును ఆమెకు పంపి, "ఇలా వేయవచ్చా అండీ?" అని అడిగి, ఒప్పుకున్నట్టు రాతలో జవాబు తీసుకోండి. మన ప్రాంతంలో ఒడియా కస్టమర్లూ ఉంటారు కాబట్టి కింద ఒడియాలో సారాంశం ఇవ్వడం మంచిదే. అయితే అది మీరు రాసిన అనువాదమని పేర్కొనండి.

గూగుల్‌లో సమీక్ష రాస్తే కుట్టుకూలీ తగ్గిస్తామని మాత్రం చెప్పకండి. గూగుల్ నియమాలు అలాంటి ప్రతిఫలాన్ని ఒప్పుకోవు. పైగా చిన్న ఊళ్లలో తగ్గింపు సంగతి పోస్టు కంటే ముందే నలుగురికీ తెలిసిపోతుంది.