కోతకి పంపే ముందు గీతలు చూసుకోండి

లేజర్ కటింగ్‌కి DXF ఫైల్ పంపే ముందు AutoCAD లో, ఒకదాని మీద ఒకటి పడిన గీతల్ని తీసేసే `OVERKILL` తప్పక నడపండి. గీత మీద గీత ఉంటే స్క్రీన్ మీద ఒక్కటిగానే కనిపిస్తుంది, మెషిన్ మాత్రం రెండుసార్లు కోస్తుంది. ఎండీఎఫ్ అంచు మాడిపోతుంది. తర్వాత `PEDIT` లో Join తో గీతలు కలిపి, ప్రాపర్టీస్‌లో Closed దగ్గర Yes ఉందో చూడండి. చివరల మధ్య వెంట్రుకంత సందున్నా ఆకారం మూసుకోదు, ఆఫ్‌సెట్ సరిగా రాదు.

కెర్ఫ్, అంటే లేజర్ తినేసే వెడల్పు, ఊహించి పెట్టకండి. అదే షీటు ముక్కలో 10 పలకల్ని పక్కపక్కనే, మధ్య గీత ఉమ్మడిగా ఉండేలా కోయించండి. నిలువు కోతలు 11 అవుతాయి. పలకల్ని ఒక పక్కకి నెట్టి, మిగిలిన సందు కొలవండి. 2.2 మి.మీ. వస్తే, దాన్ని 11తో భాగించగా కెర్ఫ్ 0.2 మి.మీ. అన్నమాట. అందులో సగం, 0.1 మి.మీ., బయటి అంచుని బయటికీ రంధ్రాల్ని లోపలికీ ఆఫ్‌సెట్ చేసి, పాత గీతలు చెరిపేయండి. షాపువాళ్ల సాఫ్ట్‌వేర్ ఈ సవరణ ముందే చేస్తుందేమో అడగండి, రెండుసార్లు చేస్తే గాడిలో ముక్క దిగదు.

షీటు మీద సర్దేటప్పుడు పెద్ద ముక్కల కిటికీల్లో పడే వృథాలోనే చిన్నవి పెట్టండి, ముక్కల మధ్య 2 మి.మీ. వదలండి.